మైనస్ ఏడుని మూడుతో భాగిస్తే మిగిలేది ఎంత?

ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉందా? ఉంటే ఏదో ఒక ఖాళీ గడిలో `=MOD(-7,3)` అని కొట్టి చూడండి. 2 వస్తుంది. ఇప్పుడు ఏదైనా ఆన్‌లైన్ కంపైలర్ తెరిచి జావాలో `-7 % 3` ప్రింట్ చేయించండి. -1 వస్తుంది. పైథాన్‌లో మళ్లీ 2. సీ, జావాస్క్రిప్ట్, గో అన్నీ -1 వైపు. రూబీ మాత్రం పైథాన్ పక్షం. భాగహారం అదే, అంకెలు అవే. మరి మూడో తరగతి లెక్కలో ఇన్ని కోట్ల కంప్యూటర్లు రెండు పార్టీలుగా చీలిపోవడం ఏంటి?

ఎవరో ఒకరు తప్పు చేస్తున్నారనుకుంటాం కదా. అలా ఏం లేదు. రెండు జవాబులూ లెక్క ప్రకారం సరైనవే. అసలు గొడవ శేషంలో లేదు, దానికి ముందు వచ్చే భాగఫలంలో ఉంది.

చిన్నప్పుడు భాగహారం చేశాక సరిచూడమంటే ఏం చేసేవాళ్లం? విభాజకాన్ని భాగఫలంతో గుణించి, శేషం కలిపితే మొదటి సంఖ్య తిరిగి రావాలి. 7ని 3తో భాగిస్తే భాగఫలం 2, శేషం 1. మూడు రెళ్లు ఆరు, ఒకటి కలిపితే ఏడు. సరిపోయింది. ఇప్పుడు -7కి ఇదే పరీక్ష పెట్టండి. జావా భాగఫలం -2 అంటుంది. మూడుని -2తో గుణిస్తే -6. -7 రావాలంటే ఇంకో -1 కలపాలి. కాబట్టి శేషం -1. పైథాన్ భాగఫలం -3 అంటుంది. అప్పుడు -9. -7 రావాలంటే 2 కలపాలి. కాబట్టి శేషం 2. ఇద్దరూ పాసే.

అంటే ఒకసారి భాగఫలం ఎంతో ఖాయమైతే శేషం దానంతట అదే వచ్చేస్తుంది, అందులో ఇక ఎవరి ఇష్టమూ లేదు. ప్రశ్నల్లా ఒక్కటే. -7ని 3తో భాగిస్తే వచ్చేది -2.33. దీన్ని పూర్ణ సంఖ్య చేయాలంటే ఎటు జరపాలి? దశాంశ బిందువు తర్వాత ఉన్నది కోసి పారేస్తే -2. ఇది సున్నా వైపు జరగడం. సంఖ్యారేఖ మీద ఎప్పుడూ ఎడమ వైపుకే, అంటే కిందికే దిగాలనుకుంటే -3. ధన సంఖ్యలకి ఈ రెండూ ఒకటే. 2.33ని కోసినా 2, కిందికి దించినా 2. అందుకే స్కూల్లో మనకి ఈ తేడా ఎప్పుడూ కనపడలేదు. పదో తరగతిలో యూక్లిడ్ పేరుతో చదివిన సూత్రం గుర్తుందా, శేషం సున్నా కంటే తక్కువ ఉండకూడదు, విభాజకం కంటే తక్కువ ఉండాలి అని? అక్కడ కూడా రెండూ ధన పూర్ణ సంఖ్యలే అని ముందే షరతు పెట్టేశారు. తలనొప్పి లేకుండా.

ఇదంతా కాగితం మీద బాగానే ఉంది, దీనివల్ల ఎవరికి ఏం పోయింది అంటారా? మన ఇంట్లో లెక్కే ఒకటి చేద్దాం.

తెలుగు సంవత్సరాలు 60. ప్రభవతో మొదలై అక్షయతో అయిపోయి, మళ్లీ ప్రభవ. ఈ మధ్య ప్రభవ వచ్చింది 1987 ఉగాదికి. కాబట్టి ఏ సంవత్సరం పేరు కావాలన్నా అందులోంచి 1987 తీసేసి, 60తో భాగించి, శేషం పట్టుకుంటే చాలు. ప్రోగ్రాముల్లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి శేషం 0 అంటే ప్రభవ, 1 అంటే విభవ, అలా 59 అంటే అక్షయ. (జనవరి నుంచి ఉగాది దాకా పాత సంవత్సరం పేరే నడుస్తుంది, ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం.) 2024 సంగతి చూస్తే, 1987 తీసేస్తే 37. శేషం కూడా 37. జాబితాలో 38వ పేరు క్రోధి. సరిగ్గా సరిపోయింది. 2013కి 26 వస్తుంది, 27వ పేరు విజయ. అదీ కరెక్టే. యాప్ రెడీ అనుకుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తాం.

గ్రూపులో మొదట నొక్కేది బాబాయో మేనత్తో. వాళ్లు పుట్టింది 1980లో అనుకోండి.

1980లోంచి 1987 తీసేస్తే -7. మన పాత మిత్రుడే, ఈసారి 60తో. జావాలో లైన్ ఇలా ఉంటుంది:

```java
int i = (year - 1987) % 60;
return names[i];
```

ఇక్కడ `i` విలువ -7 అవుతుంది. జాబితాలో -7వ పేరు అంటూ ఏదీ ఉండదు కాబట్టి జావా `ArrayIndexOutOfBoundsException` అని అరిచి ఆగిపోతుంది. నా దృష్టిలో ఇది మంచి ఫలితం. కనీసం ఎక్కడ పోయిందో చెప్తుంది. జావాస్క్రిప్ట్ అరవదు. మెల్లగా `undefined` ఇస్తుంది, అత్తయ్య స్క్రీన్ మీద "మీరు పుట్టింది undefined నామ సంవత్సరం" అని వస్తుంది. సీ ఇంకా ప్రమాదం. జాబితాకి ముందు మెమరీలో ఏముంటే అది చదవడానికి చూస్తుంది. ప్రోగ్రాం పడిపోవచ్చు, చెత్త రావచ్చు, ఒక్కోసారి ఏమీ కానట్టు నడిచిపోవచ్చు కూడా.

పైథాన్‌లో అదే లైను రాస్తే శేషం 53. 54వ పేరు రౌద్రి. 1980 ఉగాదికి వచ్చింది నిజంగా రౌద్రి నామ సంవత్సరమే. చక్రం వెనక్కి తిరిగినా పేరు తప్పలేదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. పైథాన్‌లో శేషం తీయడం మర్చిపోయి నేరుగా `names[-7]` అని అడిగినా రౌద్రే వస్తుంది. ఎందుకంటే అక్కడ రుణ సంఖ్య ఇస్తే జాబితా చివరి నుంచి లెక్కపెడుతుంది. చూసేవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది, ఎవరో 1920లో పుట్టిన తాతగారి పేరు వేసేదాకా. అప్పుడు -67 అవుతుంది, జాబితాలో ఉన్నవేమో 60, ప్రోగ్రాం పడిపోతుంది. శేషం తీసి ఉంటే 1920కి కూడా 53 వచ్చేది, అదీ రౌద్రే. సరిగ్గా అరవై ఏళ్ల తేడా మరి.

ఇది సంవత్సరాలకే కాదు, గుండ్రంగా తిరిగే ప్రతిదానికీ వర్తిస్తుంది. వారాలు, గడియారం, పాటల ప్లేలిస్టులో "వెనక్కి" బటన్, పాము ఆటలో ఎడమ అంచు దాటి కుడి వైపు నుంచి రావడం. ఇలాంటి చోట్ల మనకి కావలసింది 0 నుంచి 59 లోపు (లేదా 0 నుంచి 6, 0 నుంచి 23 లోపు) ఒక స్థానం. అది ఎప్పుడూ రుణం కాకూడదు. పైథాన్ పద్ధతి ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది.

నిజానికి పైథాన్ అలా చేయడానికి కారణం కూడా దాదాపు ఇదే. ఆ భాషని తయారుచేసిన గిడో వాన్ రోసమ్ 2010లో దీని గురించి రాస్తూ ఇచ్చిన ఉదాహరణ గడియారానిది. యూనిక్స్ కంప్యూటర్లు టైముని 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లుగా లెక్కపెడతాయి. రోజుకి 86,400 సెకన్లు. సెకన్లని 86,400తో భాగిస్తే భాగఫలం ఎన్నో రోజో చెప్తుంది, శేషం ఆ రోజులో టైము చెప్తుంది. 1970కి ముందు సమయాలు రుణ సంఖ్యలు. ఆ అర్ధరాత్రికి సరిగ్గా ఒక్క సెకను ముందు అంటే -1. కిందికి దించే పద్ధతిలో భాగఫలం -1, శేషం 86,399. అంటే ముందు రోజు రాత్రి 11 గంటల 59 నిమిషాల 59 సెకన్లు. ఎంత చక్కగా ఉందో చూడండి. కోసేసే పద్ధతిలో భాగఫలం 0, శేషం -1. అంటే డిసెంబర్ 31ని జనవరి 1 కింద జమకట్టి, అర్ధరాత్రికి మైనస్ ఒక సెకను అంటోంది. ఏ గోడ గడియారమూ అలా చెప్పదు.

ఈ రెండో పద్ధతిలో ఉన్న అసలు ఇబ్బంది సున్నా దగ్గర కనపడుతుంది. 3తో భాగించి చూడండి. కిందికి దించితే 0, 1, 2కి భాగఫలం 0. -1, -2, -3కి భాగఫలం -1. ప్రతి గదిలోనూ ముగ్గురే. కోసేస్తే -2, -1, 0, 1, 2 ఐదుగురికీ భాగఫలం 0. మిగతా గదుల్లో ముగ్గురు, సున్నా గదిలో మాత్రం ఐదుగురు. గేముల్లో మ్యాపుని గళ్లుగా విభజించేటప్పుడు ఇలా చేస్తే మధ్యలో ఉన్న గడి ఒక్కటే దాదాపు రెట్టింపు వెడల్పు వస్తుంది. ఆటలో అలాంటి తేడా కనపడితే మొదట అనుమానించాల్సింది ఈ భాగహారాన్నే.

మరి ఇన్ని ఇబ్బందులుంటే సీ, జావా వాళ్లు అదే ఎందుకు పట్టుకున్నారు?

1950ల్లో వచ్చిన ఫోర్ట్రాన్ నుంచీ భాగఫలాన్ని సున్నా వైపు కోసేయడమే అలవాటు. గుర్తుని పక్కన పెట్టి, 7ని 3తో భాగించి, చివర్లో గుర్తు అతికిస్తే అయిపోయింది. అందులో ఒక అందం కూడా ఉంది. మైనస్ ముందు పెట్టి భాగించినా, భాగించాక పెట్టినా భాగఫలం ఒకటే, -2. పైథాన్‌లో ఈ పొందిక ఉండదు. `-7 // 3` అంటే -3, కానీ `-(7 // 3)` అంటే -2. మన ల్యాప్‌టాపుల్లో ఉండే ఇంటెల్ రకం ప్రాసెసర్ల భాగహార ఆదేశం కూడా కోసేసే రకమే.

సీ మాత్రం మొదట్లో ఏదీ తేల్చలేదు. 1989 ప్రమాణం ప్రకారం రుణ సంఖ్యలు వస్తే మీ మెషీన్ ఎటు జరిపితే అటు, కంపైలర్ ఇష్టం. ఒకే ప్రోగ్రాం ఒక మెషీన్ మీద -1, ఇంకో దాని మీద 2 చెప్పినా రూల్ ప్రకారం ఫిర్యాదు చేయడానికి లేదు. హార్డ్‌వేర్ ఏది ఇస్తే అది తీసుకుంటే వేగం తగ్గదని వాళ్ల ఆలోచన. పదేళ్ల తర్వాత వచ్చిన 1999 ప్రమాణంలో, ఫోర్ట్రాన్ వాళ్లు ఇన్నాళ్లూ సున్నా వైపే కోస్తూ సుఖంగా ఉన్నారు కదా, మనమూ అదే చేస్తే ఫోర్ట్రాన్ నుంచి ప్రోగ్రాములు తెచ్చుకోవడమూ తేలిక అని అక్కడ స్థిరపడ్డారు. జావా, జావాస్క్రిప్ట్, గో ఇవన్నీ రాతలో సీ బంధువులే, వీటిలోనూ భాగఫలం సున్నా వైపే కోస్తారు.

ఇంతవరకూ చదివి పైథానే గొప్ప అని డిసైడైపోకండి. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన ప్రశ్న ఒకటుంది. సంఖ్యని తిరగేయండి, 123 ఇస్తే 321 రావాలి. పదితో శేషం తీస్తే చివరి అంకె, పదితో భాగిస్తే ఆ అంకె రాలిపోతుంది, సున్నా వచ్చేదాకా తిప్పుతాం. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చివర్లో "-123 ఇస్తేనో?" అని అడుగుతారు. పైథాన్‌లో ఏమవుతుందో చూడండి:

```python
n = -123
while n != 0:
    print(n % 10)
    n = n // 10
```

మొదటి శేషం 3 కాదు, 7. ఎందుకంటే భాగఫలం -13కి దిగింది, అంటే -130, దాని మీద 7. తర్వాత -13 నుంచి మళ్లీ 7, భాగఫలం -2. ఆ తర్వాత 8, భాగఫలం -1. ఆ తర్వాత 9, భాగఫలం... మళ్లీ -1. ఇక అక్కడి నుంచి కదలదు. -0.1ని కిందికి దించితే -1 కాబట్టి సున్నా ఎప్పటికీ రాదు, స్క్రీన్ నిండా తొమ్మిదులు కారుతూనే ఉంటాయి. అదే సీలో -3, -2, -1 అని బుద్ధిగా వచ్చి ఆగుతుంది. అంకెలు విడదీయడం అనేది గుండ్రంగా తిరిగే పని కాదు. గుర్తుని పక్కన పెట్టి చేసే పని. ఇక్కడ కోసేసే పద్ధతే మంచిది. పైథాన్‌లో రాసేవాళ్లు ముందు గుర్తు తీసి దాచుకుని, చివర్లో అతికించాలి.

కాబట్టి నేనైతే పక్షం తీసుకోను. చక్రం తిప్పుతున్నామా, అంకెలు విడదీస్తున్నామా అనేది చూసుకుంటాను. ఇందులో ఒక చిన్న ఉచ్చు మాత్రం రెండు చోట్లా తప్పించుకోవచ్చు. బేసి సంఖ్య అవునో కాదో చూడ్డానికి `n % 2 == 1` అని రాయకండి. జావాలో -7కి శేషం -1 వస్తుంది కాబట్టి -7 బేసి కాదని తేలుతుంది. 2005లో వచ్చిన జావా పజ్లర్స్ పుస్తకంలో మొట్టమొదటి పజిల్ ఇదే. `n % 2 != 0` అని రాస్తే ఏ భాషలోనైనా సరిగ్గా పనిచేస్తుంది.

మళ్లీ మన సంవత్సరాల యాప్‌కి వద్దాం. జావాలో దాన్ని ఎలా బాగుచేయాలి? చాలామందికి మొదట తట్టేది `Math.abs`, అంటే మైనస్ తీసేయడం. -7 కాస్తా 7 అవుతుంది, ఎర్రర్ పోతుంది, మొహం వెలిగిపోతుంది. కానీ 7 అంటే ఎనిమిదో పేరు, భావ. అది 1994ది. 1980లో పుట్టిన అత్తయ్యకి భావ నామ సంవత్సరం వచ్చింది, ఎక్కడా ఎర్రర్ లేదు. పడిపోయే ప్రోగ్రాం కంటే ఇది ఘోరం, ఎందుకంటే ఎవరూ పట్టుకోరు. పైగా `abs` ఇచ్చేది ప్రతిసారీ ధన సంఖ్యే అన్న నమ్మకమూ లేదు. జావా `int`లో అతి చిన్న సంఖ్య -2147483648. దానికి ధన జోడీ ఆ పెట్టెలో పట్టదు, అందుకని దాని `abs` మళ్లీ అదే రుణ సంఖ్య. ఇది ఊహాజనితం కాదు. `"polygenelubricants"` అనే వింత పదానికి జావా లెక్కగట్టే హాష్ సరిగ్గా ఆ సంఖ్యే.

సరైన మందు ఇది:

```java
int i = ((year - 1987) % 60 + 60) % 60;
```

-7కి 60 కలిపితే 53, మళ్లీ శేషం తీసినా 53. అప్పటికే ధన సంఖ్య అయితే, ఉదాహరణకి 37, 60 కలిపితే 97, రెండో శేషం ఆ అదనపు 60ని తీసేసి 37 చేస్తుంది. రెండోసారి శేషం ఎందుకు అన్నవాళ్లకి జవాబు అదే. జావా 8 నుంచి ఈ పనికి `Math.floorMod(year - 1987, 60)` అని విడిగా ఉంది, చదవడానికి అదే శుభ్రంగా ఉంటుంది. రస్ట్‌లో `rem_euclid` ఉంది. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఇలాంటిదేమీ లేదు, పై లైనే గతి.

రస్ట్ వాళ్లు యూక్లిడ్ పేరు ఎందుకు పెట్టారంటే, విభాజకమే రుణం అయినప్పుడు మూడో పద్ధతి తేడా బయటపడుతుంది. 7ని -3తో భాగిస్తే పైథాన్ శేషం -2 అంటుంది, అంటే శేషం గుర్తు విభాజకం గుర్తుని అనుసరిస్తుంది. యూక్లిడ్ పద్ధతిలో శేషం ఏం జరిగినా రుణం కాదు, కాబట్టి 1. ప్రోగ్రామింగ్ భాషలన్నిటికీ ఇదే మేలని రేమండ్ బూట్ అనే శాస్త్రవేత్త 1992లో ఒక పేపరే రాశారు. మనం భాగించేది 60తో, 7తో, 24తో కాబట్టి ఈ మూడో గొడవ మన గుమ్మం దాకా రాదు.

రాసిన కోడ్ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి నాలుగు సంవత్సరాలు చాలు. 1987 ప్రభవ రావాలి. 1986 అక్షయ రావాలి, ఇది -1 పరీక్ష. 1980 రౌద్రి. 1927 మళ్లీ ప్రభవ, ఇది -60 పరీక్ష. ఈ చివరిది జావాస్క్రిప్ట్‌లో వట్టి `%`తో చేసి చూస్తే కన్సోల్‌లో `-0` అని కనపడుతుంది. కంగారు పడకండి, జాబితాలో అది కూడా సున్నా స్థానమే, ప్రభవే వస్తుంది.